కొత్త సభ్యురాలికి 31 ఫైళ్లు పంపిన మన బృందానికి

సంభావ్యత, గణాంకశాస్త్రం కలిసి చదువుకుంటున్న మన చాట్ బృంద సభ్యులందరికీ నమస్కారం.

గత సోమవారం సాయంత్రం మన బృందంలోకి ఒక కొత్త సభ్యురాలు వచ్చారు. ఆమె తన పేరు చెప్పి, మూడో అధ్యాయం వరకు సొంతంగా చదివానని, నాలుగోది కష్టంగా ఉందని రెండు వాక్యాలు రాశారు. అరగంట తిరగకముందే మనం ఆమెకు ఇరవైకి పైగా స్వాగత సందేశాలు, వాటితోపాటు నలుగురి దగ్గర నుంచి 31 ఫైళ్లు పంపాము. అడగకుండానే ఇచ్చే గుణం మనలో ఉన్నందుకు నాకు సంతోషమే కలిగింది. కానీ బుధవారం ఆమె అడిగిన మొదటి సందేహానికి ఏడు గంటలపాటు ఎవరమూ బదులివ్వలేదు. ఇచ్చిన బదులు ఆమెకు ఉపయోగపడనూ లేదు. ఈ రెండు రోజుల్లో ఏం జరిగిందో ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. ఆ 31 ఫైళ్లలో తొమ్మిది నేను పంపినవే.

ముందు నోట్సు సంగతి. ఆమె ఆ ఫైళ్లన్నిటినీ దింపుకొని, వాటిలో నాలుగో అధ్యాయానికి సంబంధించినవి ఏవో వెతుక్కోవడానికే ఒక రాత్రి పట్టిందని చెప్పారు. నేను కూడా కూర్చుని లెక్కపెట్టాను. నాలుగో అధ్యాయం నోట్సు మూడు వేర్వేరు రూపాల్లో ఉంది. ఒకదాని పేరు ‘ఫైనల్’, ఇంకొకదాని పేరు ‘ఫైనల్ కొత్తది’, మూడోదానికి ఫోన్ దానంతట అదే పెట్టిన అంకెల వరుస తప్ప పేరే లేదు. మూడింటిలో ఏది తాజాదో మనలో పాతవారికి తెలుసు, ఎందుకంటే అది రాసిన రోజు మనం ఇక్కడ ఉన్నాము. ఆమెకు తెలిసే మార్గం ఏదీ లేదు.

ఇంతవరకైతే అది వెతుకులాట శ్రమ మాత్రమే అనుకోవచ్చు. ఆ మూడింటిలో పాతదైన ఫైలులో ఒక తప్పు ఉంది. రెండో పేజీ చివర, ‘పరస్పర వివర్జిత ఘటనలు ఒకదానిపై ఒకటి ఆధారపడవు, కాబట్టి అవి స్వతంత్ర ఘటనలు’ అని రాసి ఉంది. ఇది వినడానికి నిజంలా ఉంటుంది, కానీ పూర్తిగా తలకిందుల మాట. పాచిక వేసినప్పుడు సరిసంఖ్య పడటం, బేసిసంఖ్య పడటం అనే రెండు ఘటనలు ఒకేసారి జరగవు కాబట్టి అవి పరస్పర వివర్జితాలు. అయితే సరిసంఖ్య పడిందని తెలిసిన క్షణంలోనే బేసిసంఖ్య సంభావ్యత 1/2 నుంచి 0కు పడిపోతుంది. ఒకటి తెలిస్తే రెండోదాని సంభావ్యత మారిపోతున్నప్పుడు వాటిని స్వతంత్రమని ఎలా అంటాము? సూత్రంతో చూసినా, రెండూ కలిసి జరిగే సంభావ్యత 0, విడి సంభావ్యతల లబ్ధం 1/4; ఈ రెండూ సమానం కావు. సంభావ్యత 0 కాని ఏ రెండు పరస్పర వివర్జిత ఘటనలూ స్వతంత్రం కాలేవు.

ఈ తప్పును మన బృందంలోనే ఒకరు చాలాకాలం కిందట పట్టుకున్నారు, దానిపై మంచి చర్చ జరిగింది, అందరమూ ఒప్పుకున్నాము. ఆ దిద్దుబాటు మాత్రం చాట్‌లోనే ఉండిపోయింది, ఫైలులోకి ఎక్కలేదు. మన చాట్ అమరిక ప్రకారం కొత్తగా చేరినవారికి పాత సందేశాలు కనబడవు. కాబట్టి మనం ఆమెకు తప్పును అందించి దిద్దుబాటును మన దగ్గరే ఉంచుకున్నాము. ఆమె ఆ వాక్యాన్ని చదివి, తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకొని, కింద గీత కూడా గీసుకున్నారు. నోట్సు ఇవ్వడంలో ఇంత ప్రమాదం ఉంటుందని నేను ఇదివరకు ఆలోచించలేదు.

అందుకే నేను కోరేది చాలా చిన్న మార్పు. దిద్దుబాటు ఎప్పుడు జరిగినా, చాట్‌లో చర్చ ముగిసిన రోజే ఆ ఫైలు మొదటి పేజీలో, అన్నిటికంటే ముందు కంటబడే చోట, ‘2వ పేజీ చివరి వాక్యం తప్పు, సరైనది ఇది’ అని తేదీతో సహా రాయాలి. పాత రూపాన్ని తీసేయాలి. ఫైలు పేరులో అధ్యాయం సంఖ్య, విషయం, తేదీ ఉంటే చాలు. ‘ఫైనల్’ అనే మాటను మనం శాశ్వతంగా మానేయవచ్చు, ఏ నోట్సూ ఇంతవరకు ఆ మాటకు న్యాయం చేయలేదు. కొత్తవారు వచ్చినప్పుడు నలుగురం నాలుగు సంచులు విప్పకుండా, చాట్ పైభాగంలో అతికించి ఉంచిన ఒకే ఒక్క సందేశాన్ని చూపిద్దాం. అందులో ప్రస్తుతం మనం ఏ అధ్యాయంలో ఉన్నామో, ఏ అధ్యాయానికి ఏది సరైన ఫైలో, ఈ వారం సందేహాలు ఎవరు చూస్తున్నారో ఉంటే సరిపోతుంది. ఆ తరువాత వచ్చినవారు ఎక్కడున్నారో అడిగి, వారికి అవసరమైన ఒక్క ఫైలును మాత్రమే ఇద్దాం. సోమవారం ఆమెకు కావలసింది నాలుగో అధ్యాయం ఒక్కటే. ఆ మాట ఆమె తన రెండో వాక్యంలోనే చెప్పారు కూడా.

చేతిరాత నోట్సు పంపేవారికి ఒక చిన్న విన్నపం. పేజీని ఫొటోగా పంపితే చాట్ దానిని కుదించేస్తుంది, అప్పుడు ఘాతాంకాలు, అడుగున రాసిన చిన్న అక్షరాలు చెదిరిపోయి 6కు, 0కు తేడా తెలియదు. అదే చిత్రాన్ని డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది. ఇక పాఠ్యపుస్తకాలను పూర్తిగా స్కాన్ చేసి పంచే అలవాటు మానాలి. అవి మనవి కావు. మనం రాసుకున్నది మాత్రమే మనం ఇవ్వగలం.

ఇప్పుడు బుధవారం నాటి సందేహం. దీని గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను.

ఆమె రాసినది ఇంతే: ‘బేయ్స్ సిద్ధాంతం అర్థం కావడం లేదు, ఎవరైనా చెప్పగలరా?’ దీనికి ఏడు గంటలు ఎవరూ పలకకపోవడానికి మన బద్ధకం ఒక్కటే కారణమని నేను అనుకోను. ఆ ప్రశ్నకు బదులివ్వాలంటే ఒక అధ్యాయం మొత్తం చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, అంత తీరిక ఉన్నవారు ఎవరైనా చూసుకుంటారులే అని ఒక్కొక్కరమూ అనుకొని ఉంటాము. నేనైతే అలాగే అనుకున్నాను. చివరికి ఒకరు దయతలచి ఒక లెక్కకు సాధన రాసిన కాగితం ఫొటో పెట్టారు. ఇంకొకరు ‘ఇది చాలా సులువు, సూత్రంలో పెట్టేయడమే’ అన్నారు. ఆమె ‘అర్థమైంది, ధన్యవాదాలు’ అని రాశారు. మరునాడు నేను విడిగా అడిగితే, అర్థం కాలేదని, సులువు అన్న తరువాత మళ్లీ అడగడానికి మొహమాటపడ్డానని చెప్పారు. ఆ ఒక్క మాట ఎన్ని సందేహాల నోరు నొక్కి ఉంటుందో మనం లెక్కపెట్టలేము.

నేను ఆమెను సిద్ధాంతం గురించి అడగలేదు. ఏ లెక్క దగ్గర ఆగారో, అప్పటివరకు కాగితం మీద ఏం రాశారో ఉన్నదున్నట్టు పంపమన్నాను. లెక్క ఇది. ఒక వ్యాధి జనంలో 1 శాతం మందికి ఉంది. వ్యాధి ఉన్నవారిలో 90 శాతం మందికి పరీక్ష పాజిటివ్ అని చూపుతుంది, వ్యాధి లేనివారిలో కూడా 10 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపుతుంది. ఒకరికి పాజిటివ్ వచ్చింది. ఆ వ్యక్తికి నిజంగా వ్యాధి ఉండే సంభావ్యత ఎంత? D అంటే వ్యాధి ఉండటం, + అంటే పాజిటివ్ రావడం అనుకొని ఆమె సూత్రం సరిగానే రాశారు:

```
P(D|+) = P(+|D) × P(D) / P(+)
```

లవంలో 0.9 × 0.01 అని వేశారు. హారంలో P(+) బదులు 0.9 వేశారు. జవాబు 0.01 వచ్చింది. దాని పక్కన ఆమె పెన్సిలుతో, ‘పరీక్ష చేయకముందూ 1 శాతమే, పాజిటివ్ వచ్చాక కూడా 1 శాతమేనా? అయితే పరీక్ష ఎందుకు?’ అని రాసుకున్నారు.

ఈ పెన్సిలు వాక్యం చూడండి. తన జవాబు తప్పని ఆమెకు తెలుసు, ఎందుకు తప్పో కూడా సగం తెలుసు. సిద్ధాంతం అర్థం కాలేదన్న మాట వెనుక నిజంగా ఉన్నది ఒకే ఒక్క సందేహం: P(+) అంటే ఏమిటి, అది ఎక్కడి నుంచి వస్తుంది? ఇక మనం పెట్టిన ఫొటోలో ఆ చోట ఏముందో వెనక్కి వెళ్లి చూశాను. ‘P(+) = 0.108’ అని ఒక్క పంక్తి ఉంది. అది ఎలా వచ్చిందో లేదు. రాసినవారికి అది మనసులోనే తేలిపోయేంత తేలిక కాబట్టి రాయలేదు. ఆమె ఆగిన మెట్టు, మనం చెప్పకుండా దాటేసిన మెట్టు, రెండూ ఒక్కటే. బాగా తెలిసినవారి సాధనలో అన్నిటికంటే ముందు మాయమయ్యేవి ఇలాంటి పంక్తులే, కాబట్టి ఫొటో పెట్టేముందు మనం ఏ పంక్తిని మింగేశామో ఒకసారి చూసుకోవడం మంచిది.

నేను ఆమెను 1000 మందిని ఊహించుకోమన్నాను. వారిలో 10 మందికి వ్యాధి ఉంటుంది, ఆ 10 మందిలో 9 మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 990 మందికి వ్యాధి లేదు, అయినా వారిలో 99 మందికి పాజిటివ్ వస్తుంది. ‘ఇప్పుడు పాజిటివ్ వచ్చినవారందరినీ ఒక గదిలో కూర్చోబెడితే ఎంతమంది ఉంటారు?’ అని మాత్రం అడిగి ఆగాను. రెండు నిమిషాల తరువాత ఆమె ‘108’ అని రాశారు. మరో నిమిషానికి ‘వారిలో 9 మందికే వ్యాధి, అంటే 9/108, 1/12’ అని, ఆ వెంటనే ‘ఓహో, హారంలో వ్యాధి లేనివారి పాజిటివ్‌లు కూడా కలపాలి, నేను వ్యాధి ఉన్నవారి 0.9ని అందరిదీ అనుకున్నాను’ అని రాశారు. జవాబు సుమారు 8.3 శాతం. 0.108 అనే సంఖ్య 0.009, 0.099ల మొత్తం అని చెప్పే అవసరం నాకు రాలేదు, ఆమే చెప్పారు.

శాతాలను ఇలా మనుషుల లెక్కలోకి మార్చి చెప్పడం నా సొంత చిట్కా కాదు. గెర్డ్ గిగరెంజర్, ఉల్రిచ్ హాఫ్‌రాగె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో ప్రచురించిన పరిశోధనలో, ఇలాంటి లెక్కలనే సంభావ్యతలుగా కాకుండా ‘ఇంతమందిలో ఇంతమంది’ అన్న రూపంలో ఇచ్చినప్పుడు సరైన తర్కంతో చేసేవారు గణనీయంగా పెరుగుతారని చూపించారు. దీనికి ఒక హద్దు ఉంది. 1000 మంది బొమ్మతో లెక్క అర్థమైనంత మాత్రాన గుర్తులతో రాసిన సూత్రం వచ్చినట్టు కాదు. పరీక్షలో ప్రశ్న గుర్తులతోనే రావచ్చు. అందుకని బొమ్మ తేలిన తరువాత, 9 అన్నది సూత్రంలో ఏ భాగం, 99 అన్నది ఏ భాగం అని వారిచేతనే పక్కపక్కన రాయించాలి. మేమిద్దరం ఆ పని చేశాము, దానికి మరో ఐదు నిమిషాలు పట్టింది.

ఇక ‘అర్థమైంది’ అన్న మాటను ఏం చేయాలి? దానిని నమ్మాలా వద్దా అన్న తర్కం కంటే, దానికి బదులు ఇంకేదైనా అడగడం మేలు. నేను లెక్కలో ఒక్క సంఖ్య మార్చాను. పరీక్ష అదే, వ్యాధి మాత్రం 1 శాతం బదులు 20 శాతం మందికి ఉందనుకోండి. గుణకారం మొదలుపెట్టకముందే, జవాబు 8.3 కంటే పెరుగుతుందా తగ్గుతుందా, ఎందుకు, అని ఒక వాక్యంలో చెప్పమన్నాను. ‘పెరుగుతుంది, ఎందుకంటే గదిలోకి వ్యాధి ఉన్నవారు ఎక్కువగా వస్తారు, లేనివారు తగ్గుతారు’ అన్నారు. తరువాత లెక్క కట్టారు: 200 మందిలో 180 మంది, 800 మందిలో 80 మంది, 180/260, అంటే సుమారు 69 శాతం. అదే పరీక్ష, అదే పాజిటివ్, ఒక చోట 8 శాతం, ఇంకొక చోట 69 శాతం. దీనికి ఆమె ఆశ్చర్యపోయిన తీరు చూశాక ఇంకేమీ అడగాల్సిన అవసరం లేదనిపించింది. ముందుగా ఊహ చెప్పలేకపోయి ఉంటే, సంఖ్యలు సరిగా వేసినా సూత్రాన్ని బట్టీ పట్టినట్టేనని అనుకొని మళ్లీ 1000 మంది దగ్గరికి వెళ్లేవాళ్లం. మొత్తం 25 నిమిషాలు పట్టింది.

ఈ అనుభవాన్ని ఆధారం చేసుకొని సందేహాల విషయంలో మనం రెండు వైపులా కొంత మారాలని కోరుతున్నాను. అడిగేవారు లెక్కను, తాము ఆగిన పంక్తి వరకు రాసిన కాగితాన్ని, తప్పైనా సరే, పంపాలి. తప్పు ఉన్న కాగితమే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఆ 0.9 కనబడకపోతే నేను కూడా అధ్యాయం మొదటి నుంచి చెప్పి ఉండేవాడిని. అయితే ఈ పద్ధతి కొత్తవారికి తెలియదు కాబట్టి, అలా అడగలేదని వారిని తప్పుపట్టకూడదు. ‘ఏ లెక్క దగ్గర ఆగారు, అక్కడివరకు రాసింది పెట్టగలరా?’ అన్న ఒక్క సందేశం ఎవరు పెట్టినా చాలు, దానికి ఎవరికీ అర నిమిషం మించి పట్టదు. బుధవారం ఏడు గంటల్లో మనలో ఒక్కరం ఆ మాట రాసి ఉంటే సరిపోయేది.

బదులిచ్చేవారు పూర్తి సాధనను ఒకేసారి పెట్టకుండా, ఆగిన పంక్తి దగ్గర ఒక ప్రశ్న వేసి వేచి ఉండాలి. ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగిలినవారు ఇంకో పద్ధతి చూపించవద్దు. మూడు పద్ధతులు ఒకేసారి వస్తే అడిగినవారు మూడింటి మధ్య ఇరుక్కుంటారు. వేరే సంభాషణ నడుస్తున్నప్పుడు అసలు ప్రశ్నకే జవాబుగా జతచేసి రాస్తే గొలుసు తెగదు. వారానికి ఇద్దరం చొప్పున వంతులు వేసుకొని, వచ్చిన ప్రతి సందేహాన్నీ ఆ రోజే చూసినట్టు చెబుదాం. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, ఎవరిని అడగాలో చెప్పినా అది బదులే.

చాట్‌లో తేలని సందేహాలు కూడా ఉంటాయి. ఎవరైనా P(A∩B) అన్న గుర్తునే చదవలేకపోతుంటే, వారి ఇబ్బంది బేయ్స్ సిద్ధాంతంతో కాదు, సమితుల అధ్యాయంతో. దానిని ముక్కలు ముక్కలుగా టైపు చేస్తూ చెప్పబోతే ఇద్దరూ అలసిపోతారు. మూడు సందేశాలు దాటినా ఒకే చోట తిరుగుతున్నట్టు అనిపిస్తే, ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడుకొని, తేలినదాన్ని మాత్రం తిరిగి చాట్‌లో రాయడం మంచిది. విడిగా మాట్లాడే ముందు వారిని అడగాలి. బృందంలో నంబరు కనబడుతోంది కదా అని నేరుగా ఫోన్ చేయకూడదు. నేను కూడా ఆమెకు ముందు సందేశం పెట్టి, సరేనన్నాకే విడిగా రాశాను. అలాగే, మార్కులు వేసే అసైన్‌మెంటు గడువు ముగియకముందు దాని ప్రశ్నలను ఇక్కడ సాధించవద్దు. సంఖ్యలు మార్చి అదే రకం లెక్కను చర్చించుకోవచ్చు.

కొత్త సభ్యురాలికి కూడా ఈ లేఖలోనే ఒక మాట. మీకు పంపిన ఫైళ్లలో నాలుగో అధ్యాయానివి మూడింటినీ తీసేయండి. నోటుపుస్తకంలో గీత గీసుకున్న ఆ వాక్యాన్ని కొట్టివేసి, పక్కన పాచిక ఉదాహరణ రాసుకోండి. దిద్దిన నోట్సు ఒకటే ఈ రాత్రి చాట్ పైభాగంలో ఉంటుంది, పేరులో నేటి తేదీ ఉంటుంది. అందులో నిర్వచనాల పక్కన కుడివైపు సగం పేజీ ఖాళీగా వదిలాను. ఎడమవైపు మూసి, కుడివైపు మీ మాటల్లో రాయడానికి. అధ్యాయం చివర రెండు పెట్టెలు, మూడు రంగుల బంతులు ఉన్న 7వ లెక్క మాలో చాలామందికి హారం దగ్గరే తప్పింది. దానికి సాధన నోట్సులో కావాలనే పెట్టలేదు. మీరు హారం వరకు రాసి పెట్టండి. ఈ వారం సందేహాల వంతు నాది, నాతోపాటు ‘సులువు’ అన్న మిత్రుడిది; ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని మీకు చెప్పమన్నాడు, 7వ లెక్క తనకు కూడా మొదటిసారి తప్పిందట.

ఇట్లు,
మన బృందంలో నోట్సు చూసుకునే ఒక సభ్యుడు